ఒక గేమ్ టెస్టర్ రాజీనామా లేఖ

(హనుమకొండలో కంప్యూటర్ కోర్సుల విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈరోజు మీకు ఒక ఉత్తరం చదివి వినిపిస్తాను. నేను హైదరాబాద్‌లోని ఒక గేమ్ స్టూడియోలో టెస్టర్‌గా పనిచేస్తుండగా మా బాపుకు పక్షవాతం వచ్చింది. అప్పుడు ఉద్యోగం మానేస్తూ నేను రాసిన రాజీనామా లేఖ ఇది. స్టూడియో పేరు, ఆట పేరు చెప్పను. మనం సంతకం పెట్టిన గోప్యతా ఒప్పందం ఉద్యోగంతోపాటే ముగిసిపోదు. ఇక్కడున్నవారిలో కొందరు ఆటల పరిశ్రమలోకి వెళ్తారు, ముఖ్యంగా టెస్టింగ్‌తో మొదలుపెడతారు. ఏదో ఒకనాడు ఇంటి అవసరం మీచేత కూడా ఇలాంటి ఉత్తరం రాయిస్తుంది. అందుకే ఒక్కో పేరా చదువుతూ, ఆ వాక్యం అక్కడ ఎందుకుందో చెబుతాను.

మాది వరంగల్ కొత్తవాడ. బాపు జంపఖానాలు నేసేవారు. ఒకరోజు తెల్లవారుజామున కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు రెండు విషయాలు చెప్పారు. పక్షవాతం వచ్చాక కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి కొన్ని నెలల్లోనే జరుగుతుందని, అందుకే ఆ నెలల్లో వ్యాయామం ఒక్కరోజు కూడా ఆపకూడదని చెప్పారు. మంచంలో ఉన్నంతకాలం రెండు గంటలకోసారి పక్క మార్చాలని, లేకపోతే పుండ్లు పడతాయని కూడా చెప్పారు. మా అమ్మ ఒక్కతే బాపును లేపలేదు. తమ్ముడు దూరదేశంలో ఉన్నాడు. పరిస్థితి అది. ఇప్పుడు ఉత్తరంలో మొదటి పేరా వినండి.

"మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. రాబోయే కొన్ని నెలలు పగలూ రాత్రీ పక్కన ఒకరు ఉండాలి. ఆ బాధ్యత నాది. కాబట్టి టెస్టర్ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను."

కారణం ఇంతే. ఏ ఆసుపత్రి, ఏ మందులు, మెదడులో ఎక్కడ గడ్డకట్టింది, ఇవేవీ రాయలేదు. రాజీనామా లేఖ సంస్థ ఫైళ్లలో ఏళ్ల తరబడి ఉంటుంది. మనకు తెలియనివారు కూడా చదువుతారు. బాపు జబ్బు వివరాలు బాపువి. అలాగని "వ్యక్తిగత కారణాల వల్ల" అని దాటవేయడం కూడా నాకు ఇష్టం లేకపోయింది. నోటీసు గడువు తగ్గించమని అడగబోతున్నాను. ఎందుకు అడుగుతున్నానో తెలియకపోతే అవతలివారు దేన్ని చూసి ఒప్పుకుంటారు? మీరు అడగబోయేదానికి ఎంత అవసరమో అంతవరకే కారణం చెప్పండి.

ఉత్తరం రాయకముందే మా లీడ్‌తో మాట్లాడాను. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. "ఇంటి నుంచి పనిచేసే వీలుందేమో చూద్దామా?" అని ఆమే అడిగింది. మిగతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఈ మాటకు అర్థం ఉంటుంది. మా పనిలో చిక్కు వేరు. విడుదల కాని ఆటను బయటికి తీసుకుపోనివ్వరు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి కన్సోళ్ల ఆటలను పరీక్షించడానికి డెవ్‌కిట్ అనే ప్రత్యేక యంత్రం వాడతాం. అది దుకాణంలో దొరికే వస్తువు కాదు. కన్సోల్ తయారుచేసే సంస్థ షరతులతో స్టూడియోకు ఇస్తుంది. స్టూడియో దాన్ని తాళం వేసిన గదిలో ఉంచుతుంది. నేనప్పుడు పనిచేస్తున్నది మొబైల్ ఆట మీదే అయినా, పరీక్ష ఫోన్లకూ అదే నియమం. జీతం లేని సెలవు గురించి కూడా అడిగాను. ఆట విడుదల దగ్గరపడుతోంది, నా స్థానంలో మనిషిని తీసుకోక తప్పదని చెప్పారు. వారి మాటలో న్యాయం ఉంది. ఈ రెండు దారులూ మూసుకున్నాకే ఉత్తరం రాశాను. మీరూ ఇదే వరుసలో అడగండి. ఒకసారి రాజీనామా ఇచ్చాక సెలవు అడిగే అవకాశం దాదాపు ఉండదు.

ఇక రెండో పేరా. చూడటానికి చాలా చిన్నది.

"ఈ తేదీ నుంచి ముప్పై రోజులు పనిచేసి బాధ్యతలు అప్పగిస్తాను. నా ఖాతాలో మిగిలిన ఇరవై రోజుల ఆర్జిత సెలవును ఆ తర్వాత వాడుకునేందుకు అనుమతించండి. అరవై రోజుల నోటీసులో మిగిలిన పది రోజులను మినహాయించమని కోరుతున్నాను."

ఈ మూడు వాక్యాల కోసం ఒక సాయంత్రమంతా కాగితం ముందు పెట్టుకుని లెక్కలు వేశాను. ఆ సెలవును డబ్బుగా మార్చుకుని, ముప్పయ్యో రోజునే వెళ్లిపోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. అలా చేయకపోవడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది గ్రాట్యుటీ. నేను మానేసేనాటికి అమల్లో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం పెట్టిన లెక్క ఇది: ఒకే సంస్థలో అయిదేళ్లు నిండితే, ప్రతి ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం ఇవ్వాలి. నెలకు ఇరవై ఆరు పని రోజులుగా లెక్కిస్తారు. మూలవేతనం, కరవు భత్యం కలిపి నెలకు 26,000 రూపాయలు అనుకోండి. రోజుకు 1,000, పదిహేను రోజులకు 15,000. అంటే ఏడాదికి 15,000 చొప్పున అయిదేళ్లకు 75,000 వస్తుంది. మరి చివర మిగిలే నెలల సంగతి? ఆరు నెలలు దాటితే ఆ ముక్కను పూర్తి సంవత్సరంగా లెక్కేస్తారు. దాటకపోతే వదిలేస్తారు. ఉత్తరం ఇచ్చేనాటికి నేను చేరి అయిదేళ్ల నాలుగున్నర నెలలైంది. ముప్పై రోజులకే వెళ్లిపోతే అయిదేళ్ల అయిదున్నర నెలలు, అంటే లెక్కలో అయిదే. సెలవులో ఉన్న రోజులు కూడా సర్వీసే కాబట్టి ఆ ఇరవై రోజులు కలిస్తే ఆరు నెలల గీత దాటుతాను. లెక్కలో ఆరేళ్లవుతాయి, 90,000 వస్తుంది. జీతం ఆగిపోబోయే ఇంట్లో 15,000 రూపాయలంటే ఇంటికి వచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు ఖర్చు.

రెండోది ఆరోగ్య బీమా. నా దృష్టిలో గ్రాట్యుటీ కంటే ఇదే ముఖ్యం. చాలా సంస్థల్లో ఉద్యోగుల బీమాలో తల్లిదండ్రుల పేర్లు కూడా చేర్చవచ్చు. మా బాపు పేరు అలాగే ఉంది. ఆ బీమా సాధారణంగా ఉద్యోగంలో మీ చివరి రోజుతో ఆగిపోతుంది. జబ్బుపడిన తండ్రిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసే మనిషి, ఆ మానేయడంతోనే తండ్రి బీమాను పోగొట్టుకుంటుంది. ఈ సంగతి చాలామందికి ఆసుపత్రి కౌంటర్ దగ్గరే తెలుస్తుంది. సెలవులో ఉన్నంతకాలం నేను ఉద్యోగినే కాబట్టి ఆ ఇరవై రోజులూ బీమా నడిచింది. ఈలోగా డిశ్చార్జి తర్వాతి మందులు, పరీక్షల బిల్లులన్నీ పంపించేశాను. అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే వీలుందా అని హెచ్‌ఆర్ విభాగాన్ని రాతపూర్వకంగా అడిగాను. మారడానికి దరఖాస్తు పెట్టవచ్చు. కానీ జబ్బు వచ్చాక ప్రీమియం, షరతులు బీమా సంస్థ నిర్ణయిస్తుంది. అందుకే ఈ ప్రశ్న చివరి రోజున కాకుండా ఉత్తరం ఇవ్వకముందే అడగాలి.

నోటీసు గడువు తగ్గించడం, సెలవును అందులో కలపడం మన హక్కు కాదు. అది సంస్థ ఇష్టం. అందుకే "అనుమతించండి", "కోరుతున్నాను" అని రాశాను. వారు ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారని తర్వాత అక్కను అడిగితే, మూడో పేరా చూశాక అభ్యంతరం చెప్పడానికి ఏమీ మిగల్లేదంది. ఆ మూడో పేరాయే ఈరోజు మీకు ప్రధానంగా చెప్పాలనుకున్నది.

"నా పేరుతో తెరిచి ఉన్న బగ్‌ల జాబితాను, ఒక్కొక్కదాని ప్రస్తుత స్థితిని, డేటాబేస్‌లో నమోదుకాని నా పరిశీలనలను జతచేస్తున్నాను."

టెస్టర్ అంటే రోజంతా ఆటలాడే మనిషని బయటివారు అనుకుంటారు. నిజానికి ఒకే తలుపును రెండు వందల సార్లు తెరిచి మూసే పని అది. లోపం కనిపించగానే బగ్ డేటాబేస్‌లో రాస్తాం: ఏ బిల్డ్‌లో, ఏ ఫోన్‌లో, ఏ వరుసలో ఏం చేస్తే వచ్చింది, పదిసార్లు చేస్తే ఎన్నిసార్లు వచ్చింది. ప్రతిసారీ వచ్చే లోపాన్ని ఎవరికి అప్పగించినా ఇబ్బంది లేదు. ఎప్పుడో ఒకసారి వచ్చి మాయమయ్యేవే అసలు సమస్య. డెవలపర్ పదిసార్లు ప్రయత్నించి, కనిపించకపోతే "పునరావృతం కాలేదు" అని మూసేస్తారు. ఆ తర్వాత ఆ లోపం గురించి తెలిసిన విషయమంతా టెస్టర్ బుర్రలోనే ఉంటుంది. టెస్టర్ వెళ్లిపోతే అదీ పోతుంది.

అలాంటి ఒక బగ్ కథ చెబుతాను. ఆటలో ఒక స్థాయి పూర్తి చేసి, ఫోన్ హోమ్ బటన్ నొక్కి, కెమెరా తెరిచి ఫొటో తీసి, మళ్లీ ఆటలోకి వస్తే, ఆట మొదటి స్థాయి నుంచి మొదలైంది. ఆటగాడు వారాల తరబడి సంపాదించుకున్నదంతా పోయింది. ఇంతకంటే తీవ్రమైన లోపం మొబైల్ ఆటలో అరుదు. కానీ నెలలో రెండు మూడుసార్లు తప్ప రాలేదు. డేటాబేస్‌లో మూసేశారు.

అప్పగింత కాగితంలో దీనికి నేను దాదాపు ఒక పేజీ ఇచ్చాను. ఏమేం రాశానో వినండి.

ఏం చేసినా రాని సందర్భాలను ముందు రాశాను. కాల్ వచ్చినప్పుడు రాలేదు. బ్యాటరీ తగ్గినప్పుడు రాలేదు. ఇంటర్నెట్ తెగిపోయినప్పుడు రాలేదు. ఎక్కువ మెమరీ ఉన్న ఫోన్లలో ఒక్కసారీ రాలేదు. డేటాబేస్‌లో ఇలాంటివి ఎవరూ రాయరు. అక్కడ లోపం కనిపించిన కథలకే చోటు, కనిపించని ప్రయత్నాలకు గడి ఉండదు. కానీ నా తర్వాత వచ్చే మనిషికి వీటి వల్లే రోజులు మిగులుతాయి. లేకపోతే ఆ మనిషి కూడా మొట్టమొదట కాల్ చేసే చూస్తుంది.

తర్వాత, వచ్చిన సందర్భాల్లో ఉమ్మడిగా ఉన్నవి రాశాను. ఫోన్‌లో ర్యామ్ 2 జీబీ. స్టోరేజీ దాదాపు నిండి ఉంది. హోమ్ బటన్ నొక్కినప్పుడు తెర మూలన సేవ్ గుర్తు ఇంకా తిరుగుతోంది. ఆ వెంటనే తెరిచింది కెమెరా. ఈ నాలుగూ కలిపి చూస్తే కారణం తెలుస్తుంది. కెమెరా చాలా మెమరీ అడుగుతుంది. మెమరీ చాలనప్పుడు ఆండ్రాయిడ్ వెనుక ఉన్న యాప్‌లను చెప్పాపెట్టకుండా ఆపేస్తుంది. స్టోరేజీ నిండిన ఫోన్‌లో ఫైలు రాయడం నెమ్మదిస్తుంది. మా ఆట పాత సేవ్ ఫైలును ముందు ఖాళీ చేసి, అందులోనే కొత్తది రాస్తోంది. ఖాళీ చేసిన తర్వాత, రాయడం పూర్తికాకముందు ఆండ్రాయిడ్ దాన్ని ఆపేస్తే సున్నా బైట్ల ఫైలు మిగులుతుంది.

ఇక్కడితో ఆగితే ఇది ఎప్పుడో దొరికిపోయేది. దొరక్కపోవడానికి కారణం తర్వాతి అడుగులో ఉంది. ఆట మళ్లీ తెరవగానే ఖాళీ ఫైలును చూసి, ఎవరో కొత్త ఆటగాడు అనుకుని కొత్త ఫైలు సృష్టిస్తుంది. దాని తేదీ తాజాగా ఉంటుంది కాబట్టి క్లౌడ్‌లో ఉన్న మంచి కాపీని కూడా దానితో తుడిచేస్తుంది. టెస్టర్ లోపాన్ని గమనించి ఫైలు తీసి డెవలపర్‌కు పంపే సమయానికి, ఆ ఫైలు శుభ్రంగా, సరిగ్గా ఉంటుంది. సాక్ష్యాన్ని ఆటే చెరిపేసుకుంటోంది. కాబట్టి ఆ కాగితంలో పెద్ద అక్షరాలతో ఒక వాక్యం రాశాను: కెమెరా నుంచి తిరిగి ఆటలోకి వెళ్లకముందే, ఫోన్‌ను విమానం మోడ్‌లో పెట్టి, ఫైలు పరిమాణం చూడండి.

కెమెరా కోసం ఎదురుచూడకుండా అదే పరిస్థితిని కల్పించే దారి కూడా ఇచ్చాను. సేవ్ గుర్తు తిరుగుతుండగా హోమ్ నొక్కి, కేబుల్‌తో కలిపిన కంప్యూటర్ నుంచి ఈ రెండు ఆదేశాలు ఇవ్వాలి. ఆట పేరున్న చోట మీ కోసం వేరే పేరు పెట్టాను.

```
adb shell am kill com.example.game
adb shell run-as com.example.game ls -l files
```

మొదటిది వెనుక ఉన్న ఆటను ఆపేస్తుంది, మెమరీ చాలనప్పుడు ఆండ్రాయిడ్ చేసే పనినే మన చేతులతో చేయిస్తుంది. ఆట ఇంకా తెర మీద ఉంటే ఇది దాన్ని ఆపదు, కాబట్టి హోమ్ నొక్కాకే ఇవ్వాలి. రెండోది ఆట దాచుకున్న ఫైళ్లను, వాటి పరిమాణాలను చూపిస్తుంది. ఇది టెస్టర్ల కోసం తయారుచేసే డీబగ్ బిల్డ్‌లోనే పనిచేస్తుంది, దుకాణంలోకి వెళ్లే బిల్డ్‌లో పనిచేయదు. సేవ్ ఫైలు పక్కన 0 కనిపిస్తే లోపం దొరికినట్టే. కెమెరాతో పదిసార్లకు ఒకసారి కూడా రానిది, ఈ పద్ధతిలో సగానికి దగ్గరగా వచ్చింది. డెవలపర్‌కు ఇక "పునరావృతం కాలేదు" అనే వీలుండదు.

దిద్దుబాటు ఎలాగో చెప్పడం టెస్టర్ పని కాదు కాబట్టి ఒక్క వాక్యంతో సరిపెట్టాను: కొత్త సేవ్‌ను వేరే ఫైల్లో పూర్తిగా రాశాక, పాతదాని పేరు దానికి పెడితే, మధ్యలో ఆగినా పాతది మిగులుతుంది. నా తర్వాత వచ్చిన అమ్మాయి ఆ కాగితం పట్టుకుని మొదటి వారంలోనే ఆ బగ్‌ను తిరిగి తెరిపించింది. విడుదలకు ముందు దిద్దారు.

అప్పగింతలో ఇంకో చిన్న విషయం ఉంది. పరీక్ష ఖాతాల్లో కొన్నింటికి ఓటీపీ నా సొంత ఫోన్‌కు వచ్చేది. స్టూడియోలో చేరిన కొత్తలో అవసరానికి అలా పెడతాం, తర్వాత మరిచిపోతాం. నేను వెళ్లిపోయాక ఎవరైనా లాగిన్ అవ్వాలంటే, నేను బాపుకు అన్నం తినిపిస్తుండగా ఫోన్ మోగుతుంది. ఆ నంబర్లన్నీ మార్పించాను. పరీక్ష ఫోన్లను ఒక్కొక్కటిగా అప్పగించి, సీరియల్ నంబర్లు రాసి సంతకం తీసుకున్నాను.

నాలుగో పేరా ఒక కోరిక.

"ఆట విడుదలైనప్పుడు పనిచేసినవారి జాబితాలో నా పేరు ఉంచవలసిందిగా కోరుతున్నాను."

సినిమాలాగే ఆట చివర కూడా పేర్లు వస్తాయి. విడుదలకు ముందే వెళ్లిపోయినవారి పేర్లు, అందులోనూ టెస్టర్ల పేర్లు, జారిపోవడం ఈ పరిశ్రమలో పాత అలవాటు. ఐజీడీఏ అనే అంతర్జాతీయ గేమ్ డెవలపర్ల సంఘం పేర్లు ఎలా వేయాలో మార్గదర్శకాలు ప్రచురించింది. మధ్యలో వెళ్లినవారి కృషికీ గుర్తింపు ఇవ్వాలని అవి చెబుతాయి. అవి సలహాలే, చట్టం కాదు, స్టూడియో పాటించి తీరాలని లేదు. కాబట్టి అడగాలి, అదీ రాతలో అడగాలి. మళ్లీ ఉద్యోగానికి వెళ్లేటప్పుడు, విడుదలైన ఆటలో పేరు ఉంటే వేరే మాటలు అక్కర్లేదు. తల్లిదండ్రులను చూసుకోవడానికి ఆగిపోయినవారికి ఆ పేరు మరింత అవసరం. ఎందుకంటే వారి దరఖాస్తులో ఖాళీగా కొన్ని నెలలో, ఏళ్లో కనిపిస్తాయి. నా పేరు వేశారు.

ఉత్తరంలో రాయనివి కూడా కొన్ని ఉన్నాయి. రాత్రిళ్లు పని, విడుదల ముందు ఆదివారాలు ఆఫీసుకు రావడం, వీటి గురించి నాకు చెప్పాల్సినవి ఉన్నాయి. వాటిని చివరి రోజు మాటల్లో నేరుగా చెప్పాను, ఉత్తరంలో కలపలేదు. సెలవు, గడువు అడిగే కాగితంలో ఫిర్యాదు కలిపితే చదివేవారి దృష్టి దాని మీదికే పోతుంది, అడిగింది పక్కకు పోతుంది.

ఇక చేతికి రావలసిన కాగితాలు. రిలీవింగ్ లెటర్‌లో ఉన్న చివరి తేదీ, పీఎఫ్ ఖాతాలో సంస్థ నమోదు చేసే నిష్క్రమణ తేదీ ఒకటే ఉండాలి. తేడా ఉంటే తర్వాతి ఉద్యోగంలో పీఎఫ్ బదిలీ ఆగిపోవచ్చు. సంస్థ ఆ తేదీ నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మనమే పీఎఫ్ వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవచ్చు. నేను పీఎఫ్ మొత్తం తీయలేదు. కుటుంబంలో వైద్యం కోసం ఉద్యోగంలో ఉండగానే అందులోంచి అడ్వాన్సు తీసుకోవచ్చు. నాకు కావలసినంత అలా ముందే తీసుకున్నాను.

మీలో కొందరికి ఇప్పటికే ఆఫర్ లెటర్లు వచ్చి ఉంటాయి. అవి చేతిలో ఉంటే ఇటు తీసుకురండి. నోటీసు గడువు ఎంత, సెలవును అందులో కలపనిస్తారా, బీమాలో అమ్మానాన్నల పేర్లు చేర్చవచ్చా, ఈ మూడూ అందులో ఎక్కడున్నాయో కూర్చుని చూద్దాం.